భోజనం దాకా చెల్లే మాట

ఫోను పెట్టేసి స్వర్ణ కొట్టులోంచే కేకేసింది. "మామ్మా, మా అత్తగారూ మావగారూ వస్తున్నారట. ఈ ఆదివారమే. స్పెయిన్ నుంచి మన అరకు దాకా."

రత్నాలు చేతిలోని చేట కింద పెట్టింది. మనవరాలి రిజిస్టరు పెళ్ళికి మోకాళ్ళ నొప్పితో ఆవిడ హైదరాబాదు వెళ్ళలేకపోయింది. వియ్యాలవారి మొహమే ఎరగదు. వాళ్ళు గుమ్మంలో అడుగు పెట్టేటప్పుడు వాళ్ళ భాషలోనే పిలవాలని ఆవిడకి ఒకటే కోరిక పుట్టింది.

"పొద్దున్న వొచ్చినోల్లని ఆల్లు ఏటంటారే గుంటా?"

"బ్యూనోస్ డియాస్."

విశాఖలో ఉన్న స్వర్ణ మొగుడు ఆంద్రెస్ వీడియో కాల్‌లో అది విని పెళ్ళాన్ని చూసి నవ్వాడు. డ కాదట, ద. నాలుక పళ్ళకి మెత్తగా తగలాలట. "బ్వేనోస్ దియాస్" అని రత్నాలు నాలుగోసారికి అనేసింది.

"ఇది ఎంత పొద్దెక్కీదాకా సెల్లుతాది? అడుగు."

స్వర్ణ అడిగి చెప్పింది. "గడియారంతో పని లేదట మామ్మా. వాళ్ళింట్లో మధ్యాహ్నం భోజనం చేసేదాకా అదే. తిన్నాక వేరే మాట."

"తిండిని బట్టా? అయితే మనోల్లే."

వారమంతా బియ్యం చెరుగుతూ, దీపం పెడుతూ అదే మాట. ఇంకో మాట నేర్పబోతే మొదటిది జారిపోయేది. స్వర్ణ మానుకుంది.

ఆదివారం అనంతగిరి ఘాట్‌లో బండరాళ్ళు పడి రోడ్డు ఆగిపోయింది. మధ్యాహ్నం రెండు దాటాక, అమ్మానాన్నల్ని కారులో తీసుకొస్తున్న ఆంద్రెస్ ఫోన్ చేశాడు.

"పక్కనే బొంగు చికెన్ అమ్ముతున్నారట. అయినా వాళ్ళు ముట్టుకోలేదు మామ్మా. తింటే నీ మాట చెల్లదని ఆకలితోనే కూర్చున్నారు" అంది స్వర్ణ.

రత్నాలు మురిసిపోయింది. అంతలోనే మురిపెం పోయి మనసు చివుక్కుమంది.

"నా ముచ్చట కోసం ఆల్లు పస్తుండాలేటే? తినమను. బేగి తినమను."

"మరి నీ మాట? పోనీ హోలా అను. అది ఎప్పుడైనా అనొచ్చు."

"ఈదిలో పిల్లల్ని పిలిసినట్టుంటాదని నువ్వే అన్నావు కదే. ఒద్దు."

కారు వచ్చేసరికి ఎండ వాలింది. ముందు దిగింది అత్తగారు పిలార్. నెరిసిన జుట్టు, నలిగిన చొక్కా. తిన్నగా వచ్చి రత్నాలు చెంపకి చెంప ఆనించింది, ఇటోసారి, అటోసారి. తిన్నాక అనే మాట, "బ్వేనస్ తార్దెస్" అంది. అని, ఏదో వినాలన్నట్టు ఆగింది.

రత్నాలు నాలుక చివర మాట సిద్ధంగానే ఉంది. మింగేసింది. "రా తల్లీ, లోపలికి రా" అంటూ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని గుమ్మం దాటించింది.

పిలార్ కొడుకు చెవిలో ఏదో అడగడం స్వర్ణకి వినిపించింది. "మామ్మా, నీ మాట ఏదీ అని అడుగుతున్నారు."

"అది పొద్దుటి మాట, ఇది దాని ఏల కాదని సెప్పు. రేపు పొద్దున్న ఆల్ల గదికి కాఫీ నానే అట్టుకెల్తాను. ఆల్లు తలుపు తీసీసరికి ఎదురుగా నానుండాలి. నువ్వు మాత్రం నాకన్నా ముందు ఆ మాట అనకు."