ఆరూ పంతొమ్మిది

విశ్వజిత్ హోటలుకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మూడు బ్రాంచీలు. మూడింటికీ వాట్సాప్‌లో ప్రకటనలు రాసేది ఒక్క దీవెనే. మేడిపల్లి పిల్ల. తల్లి కూలికి పోయి చదివించింది, ఈమె జగిత్యాల బ్రాంచిలో కంప్యూటర్ ముందు కుదురుకుంది.

రంజాన్ మొదలయ్యే ముందు విశ్వజిత్ "రంజాన్ ధమాకా అని పెట్టు, మస్తు పోతది" అన్నాడు. దీవెన ఒప్పుకోలేదు. "ఒక్కపొద్దు ఉన్నోళ్లకు ధమాకా ఏంది సార్?" అని మొహం మీదే అడిగేసింది. వాళ్లమ్మ ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఉపవాసం ఉంటుంది కదా, పొద్దుగూకే వేళకు కడుపు ఎట్లుంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బజారు మసీదు హఫీజ్ సాబ్‌కు చూపించి మరీ రాసింది:

"ఉపవాస దీక్షలో ఉన్న సోదర సోదరీమణులకు సలాం. ఇఫ్తార్ పెట్టె కావలసినవారు మధ్యాహ్నం మూడు గంటల్లోపు తెలియజేయగలరు. ఐదున్నరకల్లా మీ దగ్గరికి చేరుతుంది. ఖర్జూరాలు, పండ్లు, శనగల చాట్, సమోసా, షర్బత్, మంచినీళ్లు. అన్నీ హలాల్. నేటి ఇఫ్తార్ సమయం..."

ఆ చివరి ముక్క మాత్రం మారుతూ ఉంటుంది. ఎండాకాలం దగ్గర పడేకొద్దీ పొద్దు ఆలస్యంగా గూకుతుంది, రెండు మూడు రోజులకో నిమిషం పెరుగుతుంది. మొదటి రోజా, అంటే మొదటి ఉపవాసం నాడు ఆరూ పంతొమ్మిది. దీవెన పొద్దున్నే మసీదు పట్టిక చూసి, ఏ రోజు టైం ఆ రోజు మెసేజ్‌లో పెట్టేది. పెట్టెల మీద అంటించే స్టిక్కర్లు కూడా ఏ రోజువి ఆ రోజే కొట్టించేది. ఎంత జాగ్రత్త మనిషంటే, హఫీజ్ సాబే శభాష్ అన్నాడు.

అంత జాగ్రత్త మనిషీ ఒక్క ఫోన్లో బోల్తా పడింది.

పదిహేనో రోజా నాడు సిరిసిల్ల బ్రాంచి నుంచి ప్రవీణ ఫోన్ చేసింది. "అక్కా, స్టిక్కర్లు రాలే. మొదటి రోజువి ఓ రోల్ మిగిలింది, ఏం జెయ్యాలె?"

అప్పుడు దీవెన ముందు కోరుట్ల ఆర్డర్ల కుప్ప ఉంది. "గవే అంటియ్యి తల్లీ, ఏం గాదు. ఊర్ల మసీదు అజాన్ ఇనవడదా ఏంది? స్టిక్కర్ ఎవలు సూస్తరు!" అంది, పెట్టేసింది. మర్నాడు కొత్త స్టిక్కర్లు చేరాయో లేదో అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. అవి రాకపోయేసరికి ప్రవీణ కూడా చెప్పిందే చేస్తూ పోయింది.

పంతొమ్మిదో రోజా దాటిన మర్నాడు పొద్దున, హోటలు వాట్సాప్ నంబరుకు ఓ వాయిస్ మెసేజ్ వచ్చింది. సిరిసిల్లలో సాంచల, అంటే మరమగ్గాల షెడ్డు నుంచి. అక్కడ నూలు కండెలు చుట్టే పదకొండు మంది ఆడవాళ్లకు షెడ్డు సేటు పదిహేనో రోజా నుంచి ఈ హోటలు పెట్టెలే తెప్పిస్తున్నాడు. మాట్లాడింది వాళ్లలో పెద్దావిడ, ఖాజాబీ.

"బిడ్డా, నీ పేరు దీవెనంట గదా. సల్లగుండు. ఈడ సాంచల మోతల అజాన్ ఇనవడది. నీ పెట్టె మీద టైం సూసి, గోడ గడియారం సూసి, ఒక్కపొద్దు ఇడుస్తున్నం. షుగర్ ఉన్నదని డాక్టర్ వద్దన్నా, కాళ్లావేళ్లా పడి ఈ ఒక్క నెలకు మాత్రలు మార్పిచ్చుకున్న. అల్లా నిన్ను మంచిగ సూడాలె."

దీవెన చాయ్ గ్లాసు పక్కన పెట్టి మసీదు పట్టిక తీసింది. ఆరూ పంతొమ్మిది! నిన్న అసలు టైం ఆరూ ఇరవై అయిదు కదా! పొద్దు ఇంకా గూకక ముందే, దినమంతా మంచినీళ్లు ముట్టని ఆ తల్లి, నా మాట నమ్మి ఖర్జూరం నోట్లో వేసుకుంది. ఛీ, నా బతుకు! తిట్టినా బాగుండేది, దీవించింది.

మసీదుకు పరుగెత్తింది. హఫీజ్ సాబ్ అంతా విని గడ్డం సవరించుకున్నాడు. "తెల్వక తిన్నరు, పాపం లేదమ్మా. కానీ పొద్దు ఉండంగ ఇడిస్తే ఆ రోజా లెక్కకు రాదు. పండుగ అయినంక మల్ల ఉండాలె. వాళ్లకు తెల్వాలె గదా ఉండాలెనంటే."

తెలియాలంటే చెప్పాలి. చెప్పాల్సింది ఎవరు మరి?

విశ్వజిత్ అప్పటికే ఆ వాయిస్ విని మురిసిపోతున్నాడు. "దీన్నే స్టేటస్ పెడుదాం. సాంచల కాడ మన పెట్టె అని!" దీవెన విషయం చెప్పగానే మొహం మాడ్చుకున్నాడు. "ఐదారు నిమిషాలే గదా? వాళ్లకే తెల్వదు, నువ్వెందుకు కెలుకుతవ్? పండుగ ఆర్డర్లన్నీ పోతయ్."

"వాళ్లకు తెల్వదనే నాకు నిద్ర పట్టదు సార్" అంది దీవెన.

అతణ్ని అడగకుండానే సిరిసిల్లలో పెట్టెలు తెప్పించుకున్న వాళ్లందరికీ మెసేజ్ పెట్టింది. అదే మర్యాద, అదే సలాం. "పదిహేనో రోజా నుంచి పంతొమ్మిదో రోజా వరకు మా పెట్టెల మీద అచ్చయిన సమయం తప్పు. తప్పు నాది. క్షమించగలరు. నేటి ఇఫ్తార్ ఆరూ ఇరవై ఆరు." విశ్వజిత్ రంకెలు వేస్తుండగానే వెళ్లి మధ్యాహ్నం మూడింటి బస్సెక్కింది. షెడ్డులో సగం మందికి పెద్ద ఫోన్లు లేవు. ఎదురుగా నిలబడి చెప్పక తప్పదు.

వేములవాడ దాటేదాకా ఆమె మనసులో మాటలు కూర్చుకుంటూనే ఉంది. షెడ్డు గుమ్మంలో నిలబడగానే ఒక్కటీ గుర్తు లేదు. సాంచల మోతలో అరిచి చెప్పాల్సి వచ్చింది. తప్పును అరిచి చెప్పడం ఎంత కష్టమో, చెప్పిన వాళ్లకే తెలుస్తుంది.

నస్రీన్ అనే కుర్ర పిల్ల కండె విసిరి కొట్టింది. "గంత మంచిగ రాస్తవ్, టైం రాయరాదా? మా ఒక్కపొద్దులంటే ఆటనా నీకు?" ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది! దీవెన వంగి ఆ కండె తీసి ఆమె ముందు పెట్టింది.

ఖాజాబీ మాత్రం ఒక్కటే అడిగింది. "ఎన్ని?"

"ఐదు, అమ్మా."

ఖాజాబీ వేళ్లు మడిచి చూసుకుంది. నెలకే మాత్రలు మార్పించుకున్న మనిషి. మళ్లీ డాక్టరు కాళ్లు పట్టుకోవాలి. 

"సేటూ, సాంచలు బంద్ చెయ్యి" అని కేకేసింది ఖాజాబీ. ఒక్కొక్కటే ఆగాయి. గోడ గడియారం ఆరూ ఇరవై చూపింది. పదకొండు పెట్టెలు మూతలతోనే ఉన్నాయి. ఆరు నిమిషాలు అందరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. ఆ ఆరు నిమిషాలు ఎంత పొడుగో దీవెనకు అప్పుడు అర్థమైంది. చివరికి దూరం నుంచి అజాన్ వచ్చాక ఖర్జూరం తీసుకున్నారు.

తిన్నాక ఖాజాబీ అంది: "పండుగ అయినంక ఐదు ఒక్కపొద్దులుంట. గప్పుడు సాంచలు ఆపరు. టైముకు నువ్వే మిస్డ్ కాల్ ఇయ్యాలె. ఫోన్ల లైటు ఎలిగితే ఇడుస్త."

"నేనా అమ్మా? ఇంకా నన్నే నమ్ముతవా?"

"నువ్వే. తప్పు దారి వట్టిచ్చినోళ్లే ఒప్పు దారి వట్టియ్యాలె."

పండుగ గడిచింది. షెడ్డు ఆర్డర్ మళ్లీ రాలేదు. విశ్వజిత్ ఉద్యోగం తీసేయలేదు గానీ, ఆమెతో ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. ఐదు సాయంత్రాలు దీవెన జగిత్యాల హోటలు డాబా మీద నిలబడి, చేతిలో సిరిసిల్ల పట్టిక, బొటనవేలు కింద ఖాజాబీ నంబరు పెట్టుకుంది. పట్టికలో నిమిషం వచ్చినా నొక్కేది కాదు. ఇక్కడి అజాన్ పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు నొక్కేది. రెండు రింగులకే అవతల కట్ అయ్యేది.

ఐదో నాడు కట్ కాలేదు. సాంచల మోత చెవుల్లో పడింది, దాని వెనక ఖాజాబీ గొంతు.

"ఐదు అయినయ్ బిడ్డా. ఇగ ఫోన్ పెట్టు, నీళ్లు తాగుత."

దీవెన ఫోన్ పెట్టలేదు. ఖాజాబీ ఒక గుక్క మింగిన చప్పుడు వినిపించేదాకా చెవికి ఆనించుకుని అట్లాగే నిలబడింది. పొద్దున్నుంచి తనూ ఏమీ ముట్టలేదు. ఈ ఐదు రోజులూ పొద్దు గూకేదాకా ముట్టలేదు. ఆ సంగతి మాత్రం ఖాజాబీకి చెప్పలేదు.