తొమ్మిదో ట్రే

ఆసుపత్రిలో నన్ను అందరూ మైకమ్మ అంటారు. నా చేతిలో మైకు ఏనాడూ ఉండదు. ఆపరేషన్ థియేటర్ల బయట హాల్లో కూర్చునే బంధువులకి లోపలి సంగతులు చెప్పడం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే పని. "కంగారు పడకండి" అన్న మాట నేను ఎవరితోనూ అనను. ఆ మాట వినగానే కంగారు పడని మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆ రోజు పదిన్నరకి థియేటర్ ఇన్‌చార్జ్ సిస్టర్ ఫోన్ చేసింది. పనిముట్ల ట్రేలను ఆవిరి యంత్రంలో పెట్టి క్రిములు చచ్చేదాకా ఉడికిస్తారు. ప్రతి ట్రేలోనూ ఒక కాగితపు పట్టీ ఉంటుంది. వేడి సరిగ్గా తగిలితే అది నల్లబడుతుంది. నాలుగో థియేటర్లో, పేషెంటుకి ఇంకా మత్తు ఇవ్వకముందు, నర్సు ఒక ట్రే తెరిచి చూస్తే పట్టీ సగమే నల్లబడి ఉంది. ఒక్క ట్రేలో అలా కనిపించినా ఆ విడతలో ఉడికిన ట్రేలన్నిటినీ వెనక్కి తీసుకోవాల్సిందే.

"ఎవరికైనా వాడేశారా?" అని అడిగాను.

"లేదక్కా. ఎనిమిది ట్రేలూ వెనక్కి తెప్పించాను. ఒక్కటీ వాడలేదు."

హమ్మయ్య అనుకున్నాను. సూపరింటెండెంటు గారు అప్పటికే నా టేబుల్ దగ్గరకి వచ్చి నిలబడ్డారు.

"సాంకేతిక కారణాల వల్ల ఆలస్యం అని చెప్పెయ్యమ్మా, చాలు."

"అది చెబితే వాళ్ళు కరెంటు పోయిందనుకుంటారు సార్, లేదంటే డాక్టరు పారిపోయాడనుకుంటారు. ఉన్నమాట చెబితే ఒక్కటే అనుకుంటారు."

నేను చీటీ మీద నాలుగు ముక్కలు రాసుకున్నాను: తెలిసింది, తెలియనిది, చేస్తున్నది, మళ్ళీ వచ్చే టైము.

సరిగ్గా పదకొండు గంటలకి హాల్లోకి వెళ్ళాను. అయిదు కుటుంబాలు. తలుపు దగ్గర నిలబడితే సగం మందికి వీపు చూపించినట్టు ఉంటుంది, అందుకే గది మధ్యలో కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అందరికీ నమస్కారం. ఈ ఉదయం ఆపరేషన్లు ఆగాయి. ఎందుకో చెబుతాను. పనిముట్లను శుభ్రం చేసే యంత్రం ఒకటి సరిగ్గా పనిచేసిందా లేదా అని మాకు అనుమానం వచ్చింది. ఆ విడతలోని పనిముట్లన్నీ పక్కన పెట్టేశాం. వాటిని ఎవరికీ వాడలేదు. యంత్రం ఎందుకు అలా చేసిందో ఇంకా తెలియదు. పనిముట్లను వేరే యంత్రంలో మళ్ళీ పెడుతున్నాం. ఉడకాలి, ఆరాలి, చల్లారాలి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ముందు కొత్త ఆపరేషన్ ఏదీ మొదలుకాదు. మీవాళ్ళు వార్డులో ఉన్నారు, నర్సులు పక్కనే ఉన్నారు. పదకొండున్నరకి మళ్ళీ వస్తాను. కొత్త సంగతి లేకపోయినా వస్తాను."

ఒక తండ్రి లేచాడు. కూతురికి టాన్సిల్స్ ఆపరేషన్. "రాత్రి నుంచీ పిల్ల ఖాళీ కడుపుతో ఉందండీ."

"డాక్టరు గారిని అడిగాను. అందరికీ ఇప్పుడు కాసిని మంచినీళ్ళు ఇవ్వచ్చన్నారు. అన్నం మాత్రం పెట్టకండి, పెడితే ఈ రోజు ఆపరేషన్ ఉండదు."

కిటికీ పక్కన ఒకావిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె భర్తకి పేగు ఆపరేషన్. ఎనిమిదిన్నరకే మొదలైంది. ఆ పూట లోపల ఉన్నది ఆయనొక్కడే.

"మరి మా ఆయన సంగతి?" అంది.

"ఆయనకి వాడుతున్నవి నిన్నటి విడతవి. ఆయన ఆపరేషన్ ఆగలేదు, సాగుతోంది. నేను కనుక్కునే వచ్చాను."

ఆవిడ ఫోన్ తీసి అత్తగారికి చెప్పింది. "భయమేమీ లేదటత్తయ్యా, మీరు మందేసుకుని పడుకోండి" అనడం నాకు వినిపించింది. బాగా చెప్పానే అని నాకు నేనే భుజం తట్టుకున్నాను కూడా. ఆ సంగతి ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

పదకొండూ ఇరవైకి సిస్టర్ నా గదిలోకి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"తొమ్మిదక్కా" అంది. "ఎనిమిది కాదు. తొమ్మిది."

లోపల పేగు ఆపరేషన్ మధ్యలో, పది గంటలకి, సర్జన్ రక్తం కారకుండా పట్టి ఉంచే క్లాంపులు ఇంకొన్ని కావాలన్నారట. పక్క కిటికీలోంచి ఒక ట్రే అందించారు. అది ఈ పొద్దుటి విడతది. ట్రే మీదుండే విడత చీటీని పేషెంటు కాగితాలకి అంటించారు, ఆ కాగితాలేమో పేషెంటుతోపాటు లోపలే ఉన్నాయి. సిస్టర్ అలమరలో ఉన్నవీ, మొదలుకాని థియేటర్లకి వెళ్ళినవీ లెక్కపెట్టింది. ఆ విడతలో ఎన్ని ట్రేలు పెట్టారో యంత్రం కాగితంలో ఉంటుంది, దాన్ని ఇప్పటిదాకా చూడలేదు. చూశావా అని నేనూ అడగలేదు.

కిటికీ పక్కన ఆవిడకి నిన్నటి విడతవని చెప్పింది సిస్టర్ కాదు, నేను.

సూపరింటెండెంటు గారు మెల్లగా అన్నారు. "ఆమెకి విడిగా చెబుదాం. హాల్లో మిగతావాళ్ళకి ఎందుకమ్మా, వాళ్ళకేం సంబంధం?"

"ఎవరికీ వాడలేదని నేను చెప్పింది వాళ్ళందరికీ సార్."

ముందు ఆవిడని పక్క గదిలోకి పిలిచాను. ఇంటివాళ్ళకి తెలియకుండా పదిమందిలో చెప్పకూడదు. సర్జన్ కత్తి వదలలేరు కాబట్టి ఆయనతో ఉన్న డాక్టరమ్మ బయటికి వచ్చింది. కూర్చుని చెప్పింది.

"ఆ ట్రేలో పట్టీ పూర్తిగా నల్లగానే ఉందమ్మా. అయినా అదే విడత కాబట్టి నమ్మలేం. తెలిసిన నిమిషంలోనే పనిముట్లు మార్చాం, లోపలంతా కడిగాం. ముందే ఇచ్చిన యాంటీబయాటిక్ పనిచేస్తోంది. ఉడికించకముందు కూడా వాటిని మందుతో కడుగుతాం. అందుకే ప్రమాదం చాలా తక్కువ. అసలే లేదని మాత్రం అనలేను. యంత్రంలో క్రిములు చచ్చాయో లేదో చూసే పరీక్ష సాయంత్రానికి తేలుతుంది. ఆయనకి కొన్నాళ్ళు రక్తపరీక్షలు కూడా చేస్తాం."

ఆవిడ డాక్టరమ్మని చూడలేదు. నన్ను చూసింది.

"కనుక్కునే వచ్చానన్నారు."

"అన్నానమ్మా. తప్పు చెప్పాను. క్షమించండి."

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతిసంచి జిప్పు తీసి, వేసి, మళ్ళీ తీసింది. "మా అత్తగారిని పడుకోమన్నాను. ఇప్పుడు లేపి ఏం చెప్పను?" అంది.

పదకొండూ నలభైకి హాల్లోకి వెళ్ళాను. ఆవిడ నాకంటే ముందే వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"పది నిమిషాలు ఆలస్యమైంది. పదకొండు గంటలకి నేను మీకు చెప్పినదాంట్లో ఒక మాట తప్పు. ఎవరికీ వాడలేదన్నాను. ఒకరికి వాడారు. తొమ్మిది ట్రేలుంటే ఎనిమిదే లెక్కకి వచ్చాయి. నేను కాగితం చూడకుండా విన్నమాట చెప్పాను. ఆ కుటుంబానికి డాక్టరు గారు అంతా చెప్పారు. వాళ్ళెవరన్నది నేను చెప్పను. మీలో ఎవరినీ విడిగా పిలిచి చెప్పలేదంటే, ఆ ట్రే మీవాళ్ళకి వాడలేదని అర్థం. ఈసారి తొమ్మిదింటి చీటీలూ ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను."

టాన్సిల్స్ పిల్ల తండ్రి అన్నాడు, అరవకుండానే. "ఇందాక కూడా ఇలాగే చెప్పారండీ. ఈసారి ఎలా నమ్మాలి?"

"నమ్మమని అడగనండీ. చీటీలు, యంత్రం కాగితం తెచ్చాను. తొమ్మిదో చీటీ అంటించిన కాగితం లోపలి నుంచి తెప్పించి, దాని మీద పేరు మూశాను. మీరే లెక్కపెట్టుకోండి" అని టేబుల్ మీద పెట్టాను.

ముందుగా లేచింది కిటికీ పక్కన ఆవిడే. టేబుల్ దగ్గరకి వచ్చి, వేలు పెట్టి, అందరికీ వినబడేలా లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదో చీటీ దగ్గర వేలు ఆగింది. మూసిన పేరు మీద ఒకసారి అరచేయి ఆనించింది.

"తొమ్మిదే ఉన్నాయి" అని ఆ తండ్రికి చెప్పింది. "మీ పాపది ఇందులో లేదు బాబూ. ఇది మా ఆయనది."

తర్వాత నా వైపు తిరిగి, మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగింది. పన్నెండున్నరకి అన్నాను.

"లోపలికెళ్ళి ఆయన్ని మీ కళ్ళతో చూసి రండి" అంది. "చూశాకే నాతో మాట్లాడండి."