మూడో అరలో అక్తర్ చాయ్

నెల్లూరులో సినిమా బ్యానర్లు గీసి చేయి తిరిగిన నూర్ మొహమ్మద్‌కు దుబాయ్‌లో అరచేతిలో పట్టే బొమ్మలు గీయడం అలవాటు కావడానికే చాలా కాలం పట్టింది. అక్కడ హీరో ముఖం ఇరవై అడుగులు. ఇక్కడ డేరా అనే పేటలో లోబో అనే గోవా ఆయన నడిపే చిన్న స్టూడియోలో సబ్బు అట్టలూ బిస్కెట్ పొట్లాలూ. అయినా పందొమ్మిది వందల ఎనభై మూడు వచ్చేసరికి ఆ పనిలోనూ అతనికి పేరొచ్చింది. ఆ పేరు విని వెతుక్కుంటూ వచ్చినవాడే ఫకీర్ సాహెబ్.

ఫకీర్ సాహెబ్‌ది ప్రొద్దుటూరు. ఏళ్ల తరబడి షాపులకు సరుకు దింపే వ్యాను నడిపి, తనకు పూచీ ఉన్న అరబ్బు యజమాని కఫీల్‌ను ఒప్పించి, షార్జాలో ఒక షెడ్డు తీసుకుని సొంతంగా టీ పొడి కలపడం మొదలుపెట్టాడు. ఏ ఆకు ఎంత కలపాలో తేల్చేది ఆయన భార్య అక్తర్ బీ. ఆమె గుక్కెడు తాగి తల ఊపితేనే ఆ పాళ్లు ఖాయం. అందుకే టీకి ఆమె పేరే పెట్టాడు: అక్తర్ చాయ్.

ఆ అట్టపెట్టెకు బొమ్మ గీసింది నూర్ మొహమ్మదే. నెల రోజులు దాని మీదే ఉన్నాడు. ముదురాకుపచ్చ కొండలు, వాటి మధ్య మంచు, వరుసలుగా తేయాకు తోట, బుట్ట వీపున వేసుకున్న ఆడమనిషి, ఆమె ముక్కుపుడక మీద చిన్న మెరుపు. ఒకవైపు ఇంగ్లీషులో పేరు, రెండోవైపు అరబ్బీలో. ఫకీర్ సాహెబ్ దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో పట్టి చూశాడు.

"ఇంట్లో గోడకు తగిలించుకునేట్టు ఉండాది నూరూ," అన్నాడు చివరికి.

ప్రెస్సువాడు నమూనాగా కొన్ని షీట్లు తీసిచ్చాడు. అసలు ముద్రణ మొదలుకాకముందే సత్వాలోని ఒక పెద్ద సూపర్ మార్కెట్ మేనేజరు దగ్గరికి ఫకీర్ సాహెబ్ వెళ్లాడు. అక్కడ అందరూ ఆయన్ని ముదీర్ అనే పిలుస్తారు. ముదీర్ పాలస్తీనా మనిషి, నెమ్మదస్తుడు. పొట్లం అటూ ఇటూ తిప్పి చూసి, "చేతిలో అన్నీ బాగుంటాయి. నా షెల్ఫులో మిగతావాటి మధ్య ఎలా ఉంటుందో ఫొటో తీసి పట్టుకురా. అప్పుడు చోటు సంగతి మాట్లాడదాం," అన్నాడు.

ఆ మాట స్టూడియోకు చేరగానే నూర్ మొహమ్మద్ హుషారుగా పనిలోకి దిగాడు. వడ్రంగి చేత సూపర్ మార్కెట్ షెల్ఫు కొలతలతోనే ప్లైవుడ్ అరలు కొట్టించి తెల్లరంగు వేశాడు. అట్టపెట్టెలు ఉబ్బకుండా, అంచులు సొట్టపోకుండా లోపల చెక్కముక్కలు పెట్టి, నమూనా షీట్లు వాటికి అతికించాడు. చుట్టూ పేర్చడానికి మిగతా కంపెనీల టీ పొట్లాలు కొని, రెండు సంచుల నిండా మోసుకుని అబ్రా పడవలో క్రీక్ దాటి వచ్చాడు. పక్కన కూర్చున్న పఠాన్ ఒకడు ఆ సంచుల వంక చూసి, నీకు ఎంతమంది పెళ్లాలని అడిగాడు.

పేర్చడం అతనికి తెలిసిన పద్ధతిలోనే పేర్చాడు. కళ్ల ఎత్తున ఉన్న అర మధ్యలో అక్తర్ చాయ్ ఆరు పొట్లాలు. వాటికి అటూ ఇటూ జానెడు ఖాళీ. మిగతావి పక్కలకు, కిందికి. బ్యానర్ మీద హీరో చుట్టూ ఆకాశం వదిలినట్టే వదిలాడు.

మర్నాడు పెద్దిరాజు చూడటానికి వచ్చాడు. అతనిది అమలాపురం వైపు. ఆ సత్వా సూపర్ మార్కెట్‌లోనే షెల్ఫులు సర్దే పని. సాయం చెయ్యమని ఫకీర్ సాహెబే పంపాడు. పెద్దిరాజు అరల ముందు నిలబడి గడ్డం గోక్కున్నాడు.

"చాలా బాగుందండీ. కానీ ఇలాంటి షాపు దుబాయ్‌లో నేనెక్కడా చూళ్లేదండీ."

"ఏంది తేడా?" అన్నాడు నూర్ మొహమ్మద్.

"కొత్త సరుక్కి ఆరు ఫేసింగులు ఎవడిస్తాడండీ? ముందు వరసలో కనపడేవి రెండంటే రెండే ఇస్తారు. అదీ కళ్ల ఎత్తుకి కింద, మూడో అరలో. ఖాళీ అసలు వదలం. ఖాళీ ఉంటే ముదీర్ మా మీద పడతాడండీ. పొట్లానికీ పొట్లానికీ మధ్య వేలు దూరితే చాలు. పైన మాత్రం చెయ్యి పట్టేంత చోటుండాలి, లేకపోతే జనం తియ్యలేరు."

నూర్ మొహమ్మద్‌కు కాస్త చివుక్కుమంది. అయినా చేతులు మడిచి, "సరే, మీ షాపులో ఎట్టుంటదో అట్టే సర్దు," అన్నాడు.

ఇద్దరూ కలిసి అరలు ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టారు. బాగా అమ్ముడుపోయే ఎర్ర పొట్లం కళ్ల ఎత్తున నాలుగు ఫేసింగులు తీసుకుంది. దాని పక్కన పసుపుది. మూడో అరలో ఒక ఆకుపచ్చ కంపెనీకీ ఒక ముదురు ఎరుపు కంపెనీకీ మధ్య అక్తర్ చాయ్ రెండు వరుసలు. ముందు పొట్లాల వెనక మరోటి కనిపించేలా రెండేసి లోతుకు పెట్టారు. ధర చీటీలు అర అంచున ఉన్న పట్టాలో దూర్చారు. ప్రతి సరుకు మొదటి పొట్లం ఎడమ మూల కిందే దాని చీటీ. మొదట నూర్ మొహమ్మద్ అందంగా చేత్తో రాశాడు గానీ, పెద్దిరాజు తమ షాపు స్టాంపు అంకెలు తెచ్చి అన్నిటి మీదా ఒకే తీరున గుద్దాడు. ధరలు కూడా ఏదో ఒకటి వెయ్యలేదు. చిన్న పొట్లానికి చిన్న ధర, పెద్దదానికి పెద్దది, అక్తర్ చాయ్‌కి పేరున్నవాటి కంటే పావు వంతు తక్కువ. లైటు కూడా స్టూడియో దీపం కాదు, పైన ట్యూబులైటు. దాంతో పై అర నీడ కింది పొట్లాల నెత్తి మీద పడింది. కెమెరాను నిలబడి చూసే ఆడమనిషి కళ్ల ఎత్తుకు దించారు.

అప్పుడు నూర్ మొహమ్మద్ వెనక్కి నాలుగడుగులు వేసి తల ఎత్తాడు.

తన పొట్లం కనిపించలేదు. ఉందని తెలుసు, ఎక్కడుందో తెలుసు, అయినా కళ్లు ఎరుపు మీదికీ పసుపు మీదికీ పోతున్నాయి. కొండలూ మంచూ తోటా కలిసిపోయి బురదరంగు మచ్చలా ఉంది. ముక్కుపుడక మెరుపు సంగతి చెప్పక్కర్లేదు. అతను పెద్దిరాజు వంక చూశాడు. పెద్దిరాజు ధర చీటీ సరిచేస్తున్నట్టు వంగాడు.

సాయంత్రం లోబో వచ్చి చూశాడు. పరిస్థితి వెంటనే అర్థమైంది. "ఇందులో దిగులుపడేదేముంది?" అన్నాడు హిందీలో. "ఫొటో మీద పక్కవాటి రంగు కాస్త తగ్గించు. ఎయిర్ బ్రష్‌తో గంట పని. ముదీర్‌కి నచ్చితే చాలు, ఖలాస్."

అది నిజంగా గంట పనే. నూర్ మొహమ్మద్‌కు చేతనైన పనే. ఆ రోజు గదికి నడిచి వెళ్తూ ఎలా తగ్గించాలో కూడా మనసులో అనుకున్నాడు. కానీ దారిలో ఉన్న ప్రతి కిరాణా కొట్టు ముందూ ఆగాడు. అక్కడి పొట్లాల రంగులు తగ్గించడం ఎవడి వల్లా కాదు.

మర్నాడు పొద్దున ఫకీర్ సాహెబ్ భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు. అక్తర్ బీ అప్పటిదాకా కొత్త అట్టపెట్టె చూడలేదు. షెడ్డులో పని తెమలక రాలేకపోయింది. చదువు రాదు. సరుకులు కొనేటప్పుడు రంగు చూసి గుర్తుపడుతుంది.

నూర్ మొహమ్మద్ ఆమెకు ఎదురెళ్లి, "భాభీ, ఇది మీరు సరుకులు కొనే షాపనుకోండి. చాయ్‌పత్తా అయిపోయింది, కొనుక్కోవడానికొచ్చారు. కొండల మధ్య బుట్ట వేసుకున్న పిల్ల బొమ్మ ఉన్నదే మీ పేరుది, తీసుకోండి," అన్నాడు.

ఆమె నవ్వుతూ అరల ముందుకు నడిచింది. కళ్లు పై అర నుంచి కింది అర దాకా వెళ్లాయి, మళ్లీ పైకి వచ్చాయి. చెయ్యి అక్తర్ చాయ్ దగ్గరికే వచ్చినట్టు వచ్చి, పక్కనున్న ఆకుపచ్చ పొట్లం మీద ఆగింది. దాన్ని తీసి తిప్పి చూసుకుంది.

"ఇదేనా మనది?" అంది భర్తతో.

ఫకీర్ సాహెబ్ వెళ్లి పక్క పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దగ్గరగా పెట్టుకుని చూసింది. "అబ్బ, ఎంత బాగా రాసినాడు. ఈ పిల్ల ముక్కుపుడక చూడు," అంది. మరీ అంత దగ్గరగా పెట్టుకుంటే గానీ అది కనపడలేదు.

నూర్ మొహమ్మద్ ఫకీర్ సాహెబ్ వైపు తిరిగాడు. "సాహెబ్, తప్పు షెల్ఫుది కాదు. నా బొమ్మది," అన్నాడు. "ఫొటోలో పక్కవాటిని మసక చేసి ముదీర్‌ను ఒప్పించొచ్చు. కానీ షాపుకి వచ్చేవాళ్లకి అట్టా చూపించలేం గదా. అచ్చు మొదలుకాలేదు. నాకు ఇంకోసారి గీయనీండి."

ఫకీర్ సాహెబ్ ఆ పొట్లాన్ని భార్య చేతిలోంచి తీసుకున్నాడు. "నాకైతే ఇదే నచ్చినాది నూరూ. కొనేది నేను కాదు గదప్పా. గియ్యి," అన్నాడు.

లోబో విసుక్కున్నాడు గానీ కాదనలేదు.

ఈసారి నూర్ మొహమ్మద్ బల్ల ముందు కూర్చోలేదు. సూపర్ మార్కెట్‌కు వెళ్లి పెద్దిరాజు పని చేస్తుంటే టీ వరుసకు ఎదురుగా నిలబడ్డాడు. జనం నేరుగా వచ్చి షెల్ఫు ముందు నిలబడరని అప్పుడు గమనించాడు. బండి తోసుకుంటూ పక్కవాటంగా వస్తారు, ఏటవాలుగా చూస్తారు, చెయ్యి చాచాకే ఆగుతారు. ఇంకోటి కూడా కనిపెట్టాడు. పెద్దిరాజు తోటివాళ్లు తొందరలో ఒక పొట్లం అరబ్బీవైపు, దాని పక్కది ఇంగ్లీషువైపు పెట్టేస్తున్నారు. రెండువైపులా బొమ్మ వేరుగా ఉన్న సరుకు అలా పెడితే వరుస చెదిరి, రెండు వేరే సరుకుల్లా కనిపిస్తోంది.

వచ్చి తెల్లకాగితం మీద ఒక్క గాజు గ్లాసు గీశాడు. గ్లాసు నిండా పాలు కలపని ఎర్రటి సులైమానీ చాయ్. కొండల్లేవు, తోట లేదు. చుట్టూ తెలుపే. గ్లాసు రెండువైపులా ఒకేచోట, ఒకే సైజులో. పైన పేరు మాత్రం ఒకవైపు అరబ్బీ, ఒకవైపు ఇంగ్లీషు. గీస్తున్నంతసేపూ చెయ్యి ఇంకేదో కలపాలని లాగింది. ఆవిరి గీతలు రెండు గీశాడు, చూసుకుని వాటినీ చెరిపేశాడు.

నమూనాలు అతికించి మళ్లీ అదే మూడో అరలో, అవే రెండు ఫేసింగుల్లో, వేలు దూరేంత సందుతో పెట్టారు. చీటీలు మారలేదు, పక్క సరుకు మారలేదు, నీడ కూడా అలాగే ఉంది. ఒక పొట్లం అరబ్బీవైపు, ఒకటి ఇంగ్లీషువైపు తిప్పారు. గ్లాసులు రెండూ ఒక వరుసలో నిలబడ్డాయి. ఎరుపూ పసుపూ ఆకుపచ్చల మధ్య ఆ తెలుపు, తెరిచిన కిటికీలా ఉంది. నూర్ మొహమ్మద్ గుమ్మం దాకా వెళ్లి, పక్కవాటంగా నడుస్తూ వచ్చి చూసుకున్నాడు. లోబో కూడా అలాగే నడిచి చూసి, కెమెరాలో ఫిల్ము ఎక్కించాడు.

ఫొటో తీసుకుని ఫకీర్ సాహెబ్, లోబో, నూర్ మొహమ్మద్ ముగ్గురూ సత్వా వెళ్లారు. ముదీర్ కళ్లజోడు పెట్టుకుని దాన్ని దీపం కిందికి జరిపాడు. ధర చీటీల మీద వేలు పెట్టి ఒక్కోటీ చదివాడు. తర్వాత తలెత్తి ఫకీర్ సాహెబ్‌ను అడిగాడు.

"నా దగ్గరికి రాకముందే ఇంకో షాపులో పెట్టేశావా? ఎవరిదిది?"

ఫకీర్ సాహెబ్‌కు అర్థం కాలేదు. నూర్ మొహమ్మద్ హిందీలో చెప్పాడు, "షాపు కాదు ముదీర్. డేరాలో మా స్టూడియో. ప్లైవుడ్."

ముదీర్ ఫొటోను మళ్లీ చూశాడు. పెదవి చివర చిన్న నవ్వు వచ్చింది. "ఆరు ఫేసింగులతో, చుట్టూ ఖాళీతో బొమ్మ తెస్తారనుకున్నాను. అందరూ అదే తెస్తారు," అన్నాడు. "మూడో అరే. రెండే. సరుకు కదలకపోతే తీసేస్తాను."

రంజాన్ ముందు అక్తర్ చాయ్ షెల్ఫుకెక్కింది. మొదటి శుక్రవారం నూర్ మొహమ్మద్ నమాజు ముగించుకుని అక్కడికి వెళ్లాడు. రెండు వరుసల్లో ఒకదాని ముందు పొట్లం లేదు. పెద్దిరాజు వెనకదాన్ని ముందుకు లాగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఒక్క నిమిషం అట్టే ఉండనీ."

"ముదీర్ చూస్తే తిడతాడండీ," అన్నాడు పెద్దిరాజు. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.