సాయం లేని ఐదు పేర్లు

ఒకప్పుడు తాండూరు మార్కెట్లో కందుల వేలం పాడిన మొగులప్పకు పక్షవాతం తరువాత నోట మిగిలినవి ఐదు వస్తువుల పేర్లే. అవీ ఎవరైనా తొలి శబ్దం అందిస్తేనే వచ్చేవి.

"ఆరు వారాలైనా పది బొమ్మలల్ల ఐదే చెప్తుండు మేడం! ఇగ బంద్ చేస్తం" అంది కూతురు నిరోషా.

వికారాబాద్ క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్ట్ షీరీన్, సెషన్ నోట్సు నుంచి రాసిన రిపోర్టు చదివింది. "లక్ష్యం: బొమ్మ చూసి పేరు చెప్పడం. మొదటి వారం ఐదూ తొలి శబ్దం అందిస్తేనే. ఆరో వారం ఐదూ సాయం లేకుండా."

"అంటే?"

"అప్పుడు మూట నేను ఎత్తిస్తే మోసిండు. ఇప్పుడు తానే ఎత్తుకుంటుండు."

పక్కనే కూర్చున్న మొగులప్పకు మార్కెట్ హమాలీలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నాయిన నవ్వు చూసి నిరోషా వచ్చే వారం సెషన్ తేదీ అడిగింది.

లెక్క అదే ఐదు. ఇప్పుడవి ఆయన సొంతం.