ఎవరూ లేని ఫోటో

లెక్కల మాస్టారికి ఒక అలవాటుంది. పరీక్ష పేపర్లు దిద్దాక, అన్నిటికంటే అధ్వానంగా ఉన్నదాన్ని కట్ట పైన పెట్టుకుని క్లాసుకి వచ్చి చదివి వినిపిస్తారు. పేరు మాత్రం చెప్పరు. అది తన మంచితనమని ఆయన నమ్మకం. చదువుతున్నంతసేపూ ఎవరు తల వంచుకున్నారో కనిపిస్తూనే ఉంటే ఇంక పేరుతో పనేముంది? పిల్లలకి అదొక ఉచిత వినోదం, ఇరవై రెండేళ్లుగా నడుస్తోంది.

పోయిన వారం ఆ వినోదం ఫోటోగ్రాఫర్ గారమ్మాయి పేపరుతో జరిగింది. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల. అడగందే నోరు విప్పదు, అడిగినా ముక్తసరిగానే చెబుతుంది.

ప్రశ్న పాతదే. పాస్కల్ త్రిభుజంలో ప్రతి వరస మొత్తమూ రెండుకి ఏదో ఒక ఘాతమే అవుతుంది, ఎందుకో చూపించండి. ఏడు మార్కులు. త్రిభుజం తెలియనిదేం కాదు. శిఖరాన ఒకటి, దాని కింద ఒకటి ఒకటి, ఆ కింద ఒకటి రెండు ఒకటి. ప్రతి అంకే తన నెత్తి మీది రెండింటి మొత్తం, రెండంచుల్లోనూ ఎప్పుడూ ఒకట్లే. వరసలు కూడితే ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. మాస్టారు నేర్పిన జవాబు ఒకటిన్నర లైను: ద్విపద సిద్ధాంతం రాయి, ఎక్స్ బదులు ఒకటి పెట్టు, అయిపోయింది.

ఆ పిల్ల సిద్ధాంతం ఊసే ఎత్తలేదు. ఫోటోల గురించి రాసింది.

"మా నాన్న స్టూడియోకి నలుగురు వచ్చారు..." అని మాస్టారు రాగం తీసి మొదలుపెట్టగానే క్లాసుకి విషయం అర్థమైపోయింది. "ఒక్కరే దిగే ఫోటోలు నాలుగు. ఇద్దరు దిగేవి ఆరు. ముగ్గురు దిగేవి నాలుగు. అందరూ దిగేది ఒకటి. ఎవరూ దిగని ఫోటో ఒకటి." ఇక్కడ ఆగి కళ్లజోడు పైనుంచి చూశారు. "ఎవరూ దిగని ఫోటో ఎవరు తీస్తారమ్మా? తీసి ఎవరికిస్తారు? గోడకా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆయన ఎర్ర పెన్నుతో రాసింది కూడా చదివారు: "అడిగింది రుజువు, కథ కాదు. సున్నా."

ఈ రోజు మధ్యాహ్నం ఆ పిల్ల స్టాఫ్ రూముకి వచ్చింది. చేతిలో గ్రూపు మార్పు దరఖాస్తు. లెక్కలు వదిలేసి వేరే గ్రూపులోకి వెళ్తుందట.

"సంతకం పెట్టండి సార్. నాలుగింటికల్లా ఆఫీసులో ఇచ్చెయ్యాలి, ఇవాళే ఆఖరి రోజు."

"ఇంట్లో చెప్పావా?"

"చెప్పాను సార్. నీకు రానప్పుడు ఎందుకమ్మా అన్నారు నాన్న."

"సరే, అక్కడ పెట్టి వెళ్లు. ఆఖరి పీరియడ్‌లో ఇస్తాను."

కాగితం మీద ఉపాధ్యాయుని అభిప్రాయం అని ఒక గడి ఉంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషే అయినా, మాస్టారు కాగితం మీద ఆధారం లేని మాట రాయరు. రెండు ముక్కలు ఆధారంగా చూపిద్దామని బీరువాలోంచి ఆ పేపరు తీశారు. ఈసారి వినేవాళ్లెవరూ లేరు కాబట్టి రాగం తీయకుండా చదివారు.

చదువుతున్నకొద్దీ ఆయనకి కుర్చీలో ఇబ్బందిగా అనిపించింది. క్లాసులో ఖాళీ ఫోటో దగ్గరే ఆగిపోయారు. కింద ఇంకా ఏడెనిమిది లైన్లున్నాయి.

"ఈ ఫోటోల లెక్కలు ఖాళీదానితో మొదలుపెట్టి రాస్తే, శిఖరం కాక నాలుగో వరస వస్తుంది: 1, 4, 6, 4, 1. ఎందుకంటే ఆ వరసలో అంకెలు నలుగురిలోంచి సున్నా మందిని, ఒకరిని, ఇద్దరిని, ముగ్గురిని, నలుగురిని ఎన్ని రకాలుగా పిలవొచ్చో చెబుతాయి. ఇప్పుడు ఇంకోలా లెక్కపెడదాం. నాన్న గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ అడుగుతారు, దిగుతావా దిగవా అని. ఒక్కొక్కరికి రెండే జవాబులు. రెండు రెండ్లు నాలుగు, ఇంకో రెండుతో హెచ్చిస్తే ఎనిమిది, ఇంకో రెండుతో హెచ్చిస్తే పదహారు. ఎంతమంది వచ్చినా ఇంతే, మనిషికో రెండు. రెండు లెక్కలూ అవే ఫోటోలవి కాబట్టి మొత్తం ఒకటే."

బొక్క ఎక్కడో ఉండి ఉంటుంది. ఉండాలి. ఆయన ఆ ఖాళీ ఫోటోనే పట్టుకున్నారు. దాన్ని కొట్టేసి కూడారు. నాలుగూ ఆరూ పది, పది నాలుగూ పద్నాలుగు, ఇంకొకటి. పదిహేను.

పదిహేను రెండుకి ఏ ఘాతమూ కాదు. నలుగురూ "దిగను" అంటే మిగిలేది ఆ ఖాళీ ఫోటోయే. వరసకి ఎడమ చివరనున్న ఒకటి అదే. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద ప్రతి వరసా ఆ ఒకటితోనే మొదలుపెట్టారు, అది దేన్ని లెక్కపెడుతోందని ఒక్కసారీ అడగలేదు. ఈ పిల్ల అడిగింది, జవాబూ రాసింది. తను గోడకా అని నవ్వించారు.

పప్పులో కాలేసింది తను, తడిసింది ఆ పిల్ల. మార్కులు దిద్దొచ్చు. ఆ నవ్వుని దేనితో దిద్దుతారు? ఆయనకి సిగ్గేసింది. ఎవరూ చూడకపోయినా ముఖం దాచుకోవాలనిపించేంత సిగ్గు. పోనీ ఏడు మార్కులూ వేసి ఒంటరిగా పిలిచి ఇచ్చేద్దామా అని ఒక ఆలోచన వచ్చింది. అవమానం నలుగురిలో చేసి, క్షమాపణ చాటుగానా? ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా అసహ్యమేసింది.

ఆఖరి పీరియడ్‌లో మాస్టారు ఆ పేపరే పట్టుకుని క్లాసులోకి వచ్చారు. చూడగానే పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. "మా నాన్న స్టూడియోకి నలుగురు వచ్చారు" అని చదవగానే వెనక బెంచీలోంచి నవ్వు మొదలైంది.

"నవ్వండి," అన్నారు మాస్టారు. "కానీ ఈసారి నన్ను చూసి నవ్వండి."

నవ్వు టక్కున ఆగింది. ఆయన చివరిదాకా చదివారు. బోర్డు మీద వరస రాసి, ఖాళీ ఫోటో తీసేస్తే పదిహేను వచ్చేది చూపించారు. గుమ్మంలో అడిగే ప్రశ్న ముగ్గురికి వేసి ఎనిమిది తెప్పించారు, ఐదుగురికి వేసి ముప్పై రెండు తెప్పించారు.

"ఇది పూర్తి రుజువు. నేను నేర్పినదానికంటే మంచిది. నాదాంట్లో మొత్తం వస్తుంది, ఎందుకొస్తుందో కనపడదు. నేను సగం చదివి నవ్వాను, మిమ్మల్నీ నవ్వించాను. తప్పు నాది. నన్ను క్షమించమ్మా."

అందరూ మూడో బెంచీ వైపు తిరిగారు. ఆ పిల్ల లేచి నిలబడింది.

"ఆ రోజు నేను కూడా నవ్వాను సార్."

"నువ్వా?"

"అందరూ నవ్వుతుంటే నవ్వాను. మీరు తప్పంటే తప్పే అనుకున్నాను. ఇంటికెళ్లి నాన్నకి కూడా చెప్పి నవ్వించాను."

మాస్టారు దరఖాస్తు తీసి ముందుకు చాచారు. గడి ఖాళీగానే ఉంది, సంతకమూ లేదు.

"నీ ఇష్టం. వెళ్తానంటే ఇప్పుడే పెడతాను."

ఆ పిల్ల వచ్చి కాగితం తీసుకుంది. ఒకసారి చూసి మధ్యకి చించి, మడిచి చేతిలో పెట్టుకుంది. మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆమె తన బెంచీకి వెళ్లలేదు.

"సార్, నాకంటే ముందు మీరు క్లాసులో చదివిన పేపర్లు కూడా మళ్లీ చూస్తారా?"

అడగడంలో ఎత్తిపొడుపేం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఏడాదికి మూడు పరీక్షలు, ఇరవై రెండేళ్లు. మాస్టారు గుర్తు తెచ్చుకుందామని చూశారు. ఆ రాతలు ఒక్కటీ గుర్తు రాలేదు. నవ్వులు మాత్రం గుర్తున్నాయి.

"అవి లేవమ్మా," అన్నారు. "ఏటా పారేస్తాం."