పాత బేళ్లు, కొత్త రేటింగు

ఉస్మాన్ సాబ్ ఆదోనిలో పత్తి దలాలి. ఆయన మాట నమ్మితే ఓ ఏడు ఈ ఊరి పత్తితో చంద్రుడికి పరుపు కుట్టించి, మిగిలినదాన్ని చుక్కలకు దిండ్లుగా పంచేశాడు. మేనకోడలు జైనాబ్ హైదరాబాదులో షేర్ల కంపెనీలో చిన్న ఎనలిస్టు. ఆదోనిలోని నూలు మిల్లు చూద్దామని వచ్చి, మామ ఇంటి వరండాలో కూర్చుని తన కంపెనీ మేనేజరు శ్రీపాదరావుకు మెయిలు రాసింది.

"సార్, ఈ నూలు మిల్లు షేరుకు 'కొనండి' రేటింగు తీసేసి 'ఉంచుకోండి' పెడదాం. గోదాములో నిల్వ ఏడాదిలో అరవై రోజులకు సరిపడేదల్లా నూటపది రోజులకు సరిపడేంత అయిందని వాళ్లు ప్రచురించిన లెక్కలే చెబుతున్నాయి. కొత్త పత్తి కొన్నామంటున్నారు. గేటు బయటి రోడ్డు నుంచి చూస్తే పత్తి బేళ్ల మీద పోయిన సీజను ముద్రే ఉంది. ఫోటో జత చేశాను. అప్పటికంటే పత్తి ధర పడింది, ఎక్కువ ధరకు కొన్న పాత పత్తి కాబట్టి లాభం తగ్గుతుంది. మన లక్ష్య ధర 240 నుంచి 205కి దించాను. షేరు 198లో ఉంది, పెరిగే చోటు నాలుగు శాతం కూడా లేదు. అప్పులు తక్కువ, మిల్లు నడుస్తోంది. అందుకే 'అమ్మండి' అనలేదు."

పది నిమిషాల్లో ఫోను మోగింది. జైనాబ్ వాకిట్లోకి జరిగింది.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు శ్రీపాదరావు.

"ఎవరూ లేదు సార్. ముద్ర చదివినాను."

"మీ మామ దలాలి. ఆయన మిల్లు లోపలి కబురు నీకు మోసుంటే నీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుంది. మీవాళ్ల దగ్గర ఈ షేర్లున్నాయా?"

లేవు సార్ అనబోయి ఆగింది. ఫోను చేత్తో మూసి, వరండాలో ఉన్న మామ దగ్గరికి తిరిగొచ్చి, "మామూ, మిల్లు షేర్లు ఉండాయా నీకాడ?" అంది.

"నిన్ననే ఐదొందలు కొన్నా! బేళ్లు సూసినావా, గుట్టలు గుట్టలు ఉండాయి. ఎందుకే? ఏం రాస్తాండావు?"

జైనాబ్ లాప్‌టాప్ మూత టక్కున వేసింది. రేటింగు తగ్గిస్తున్నానని చెబితే మామ ఇప్పుడే అమ్మేస్తాడు, తన ఉద్యోగం గల్లంతు. చెప్పకుంటే మామకే నష్టం.

"ఉన్నాయి సార్. నిన్ననే కొన్నాడంట."

"నిన్ననా? అంత సులువుగా నమ్మను. కొన్న తేదీ ఉన్న షేర్ బ్రోకరు కాగితం పంపించు."

ఉస్మాన్ సాబ్ కాగితం ఇచ్చాడు గానీ, మూతి ముడుచుకున్నాడు. "నా మీదే అనుమానమా? రేపు చాయ్‌కి కూడా రసీదు అడుగుతావేమో!"

కాగితం ఫోటో అందాక శ్రీపాదరావు మళ్లీ ఫోను చేశాడు. ఈసారి గొంతు మెత్తబడింది. "లోపలి కబురు తెలిసినవాడు నిన్న అమ్మేవాడు, కొనేవాడు కాదు. మీ మామ షేర్ల సంగతి మెయిలు చివర రాయి. నిబంధనలు చూసేవాళ్లకు పంపుతా. రిపోర్టు బయటికొచ్చేదాకా ఆయన దగ్గర నోరు విప్పకు."

జైనాబ్ లాప్‌టాప్ తెరిచి, ఆ వాక్యం చేర్చి పంపి, మళ్లీ మూత వేసింది.

"అయితే ఇంకో ఐదొందలు కొనల్లా, వద్దా?" అన్నాడు మామ.

"చాయ్ తాగు మామూ, సల్లారిపోతాంది."

ఉస్మాన్ సాబ్ గ్లాసు ఎత్తలేదు. మూత వేసిన లాప్‌టాప్‌నీ, మేనకోడలినీ మార్చి మార్చి చూస్తూనే ఉన్నాడు.