స్వామికి దాచిన వెంట్రుకలు

నాగరత్నమ్మ మనవడికి మూడో నెల. పుట్టువెంట్రుకలు రాలి పక్కగుడ్డకు అంటుకుంటున్నాయి. తల వెనక నిమ్మచెక్కంత మేర నున్నగా బోడి అయింది. ఏడాది నిండేలోపు తిరుమలలో ఇస్తామని మొక్కుకున్న వెంట్రుకలు ఇలా నేలపాలవుతుంటే ఆమెకు మనసొప్పలేదు. నిద్రపోతున్న బిడ్డను మెల్లగా బోర్లా తిప్పింది. అప్పట్లో తన తొలిచూలు బిడ్డకూ అత్త చెప్పిందని ఇట్లే చేసింది.

టీకాల సంగతి చెప్పడానికి వచ్చిన నర్సు అమల గడపలోంచే చూసి, గబగబా వచ్చి బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టింది.

"నిద్రలో ఎప్పుడూ ఎల్లకిలానే ఉండాల పెద్దమ్మా. బోర్లా పడుకుంటే ఊపిరాడక పానం పోవచ్చు. మేలుకోని ఉన్నప్పుడు, మీ కండ్ల ముందర కాసేపు బోర్లా ఏస్తే సాలు."

"మరి ఎంటికలు? సామి మొక్కుండాది గదా."

"పుట్టినప్పటి ఎంటికలు ఈ నెలల్లో రాలేటివే. ఎనకాల పక్కగుడ్డకు ఒరుసుకోని పోయినాయి. బిడ్డ కూర్చునేకాలానికి మళ్లీ వస్తాయి. అవే ఇద్దురు సామికి."

కోడలు రూపశ్రీ హాయిగా నవ్వింది. నాగరత్నమ్మ మాత్రం బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి, పొద్దువాలినా అక్కడినుంచి లేవలేదు.

తన తొలి బిడ్డ నిద్రలోనే పోయాడు. దిష్టి తగిలిందన్నారు అందరూ. కడసారి నీళ్లు పోసింది ఆమే. ఆ తల ఇప్పటికీ అరచేతిలో ఉన్నట్టే ఉంటుంది. నల్లగా, ఒత్తుగా. వెనక ఒక్క వెంట్రుకా రాలలేదు.